కాగితపు దరఖాస్తు మీద టైపు గళ్లు: ఫారం 6 ఉదాహరణగా

కోల్‌కతాలోని భవానీపూర్ 159వ నంబరు అసెంబ్లీ నియోజకవర్గం. 2025 నవంబరు 4న పశ్చిమ బెంగాల్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. బీఎల్‌ఓలు (పోలింగ్ బూత్ స్థాయి అధికారులు) ఇంటింటికీ తిరిగి ఫారాలు పంచారు. ఓటరు వివరాలు, క్యూఆర్ కోడ్ ముందే అచ్చు వేసిన ఫారాలవి. అవి ఒక్కో మనిషికి విడివిడిగా తయారైనవి కాబట్టి వాటిని మనం మార్చడానికి వీల్లేదు. జాబితాలో కొత్తగా పేరు చేర్చుకునేవాళ్లకు కావలసింది వేరే కాగితం. అది ఫారం 6. 1960 నాటి ఓటర్ల నమోదు నియమావళి కింద వచ్చే ఈ ఫారం దేశమంతా ఒక్కటే. ఇప్పటికే వేరే ఊళ్లో ఓటు ఉండి, ఇల్లు మారి వచ్చినవాళ్లకు 2022 ఆగస్టు నుంచి ఫారం 8 సరిపోతుంది.

రెండింటినీ ఎన్నికల సంఘం పోర్టల్‌లో నేరుగా నింపవచ్చు. అయినా కాగితం పోలేదు. ఇంట్లో పెద్దవాళ్లు సంతకం చేసి బీఎల్‌ఓ చేతికి ఇవ్వాలనుకుంటారు. ఒకే ఇంట్లో ముగ్గురు దరఖాస్తు పెడితే ఇంటి నంబరు, వీధి, పోస్టాఫీసు, పిన్ మూడుసార్లు చేత్తో రాయాలి. ఎవరి చేతిరాతలోనైనా ఒక అంకె అనుమానంగా కనిపిస్తే కార్డులో తప్పు పడుతుంది. అందుకని చాలామంది ఖాళీ ఫారాన్ని కంప్యూటర్లో నింపి అచ్చు తీసుకోవాలనుకుంటారు. దానికి కావలసింది నింపే పీడీఎఫ్ (తెర మీదే టైపు చేసి దాచుకోగల పత్రం). దాన్ని ఎలా తయారు చేస్తారు, ఎక్కడ చెడుతుంది అన్నది ఫారం 6 పట్టుకుని చూద్దాం.

ముందు ఒక సంగతి తెలియాలి. నింపే పీడీఎఫ్‌లో రెండు పొరలుంటాయి. కింది పొర అచ్చు పేజీ. గీతలు, ప్రశ్నలు, చిరునామా పట్టిక అన్నీ అందులోనే ఉంటాయి. దాని మీద కనిపించని దీర్ఘచతురస్రాలు పరిచి ఉంటాయి. ఒక్కో దీర్ఘచతురస్రం ఒక ఫీల్డ్ (నింపే గడి). అచ్చు గీతకూ ఫీల్డ్‌కూ ఏ సంబంధమూ లేదు. గీత ఉన్నచోట టైపు చేస్తే అక్షరాలు పడేది గీత వల్ల కాదు. దాని మీద ఎవరో ఒక ఫీల్డ్ పెట్టడం వల్ల. ఈ ఏర్పాటు పీడీఎఫ్‌లోకి 1996లో వచ్చింది. ఇప్పటికీ దాదాపు ప్రతి పీడీఎఫ్ ప్రోగ్రామూ అర్థం చేసుకునేది దీన్నే. 2003 తర్వాత అడోబీ ఇంకో రకం ఫారాన్ని తెచ్చింది. అందులో పేజీని ప్రోగ్రామే అప్పటికప్పుడు గీస్తుంది. ఆ రకం ఫైలును చాలా ఇతర ప్రోగ్రాముల్లో తెరిస్తే ఫారానికి బదులు "Please wait..." అన్న ఒక్క పేజీ కనిపిస్తుంది. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణం దాన్ని పక్కన పెట్టింది. కొత్తగా చేసేవాళ్లు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

కింది పొర బాగుంటే పని సగం సులువవుతుంది. ఫారం 6 ఖాళీ పీడీఎఫ్‌గా దొరుకుతుంది కాబట్టి జిరాక్సు కాపీని స్కాన్ చేయవద్దు. నేరుగా ఆ ఫైలే తీసుకోవాలి. స్కాన్ తప్పనిసరైన వేరే ఫారాలకు 300 డీపీఐ చాలు. ఏ4 పేజీ అప్పుడు 2480 × 3508 చుక్కలు వస్తుంది. కాగితం వంకరగా పడితే ముందే సరిచేయాలి. ఎందుకంటే ఫీల్డులు ఎప్పుడూ నిటారుగానే ఉంటాయి. పేజీ ఒక డిగ్రీ వాలితే ఎడమ చివర సరిపోయిన గడి కుడి చివరకు వచ్చేసరికి గీత దాటుతుంది. ఇంకొక మాట. ఇది చట్టబద్ధమైన ఫారం. అచ్చు పాఠంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, ఖాళీ తక్కువైందని ఏ వరుసా తీసేయకూడదు. మనం చేసేది పై పొర మాత్రమే.

అడోబీ అక్రోబాట్ డబ్బు పెట్టి కొనాలి. అందులో Prepare Form అన్న సాధనం పేజీని చూసి గీతలున్న చోట్ల తానే ఫీల్డులు పెడుతుంది. మొదటి విడతకు అది మంచిదే, కానీ ఫొటో అంటించే చోట కూడా టైపు గడి పెట్టేయవచ్చు, కాబట్టి ప్రతిదీ చూసుకోవాలి. ఉచితంగా కావాలంటే లిబ్రేఆఫీస్ రైటర్ ఉంది. ఏ4 పేజీ తీసుకుని అంచులు సున్నా చేయాలి. ఫారం పేజీని బొమ్మగా మార్చి, 210 × 297 మిల్లీమీటర్ల పరిమాణంలో పెట్టి, వెనక్కి నెట్టాలి. తర్వాత Form మెనూలో Design Mode తెరిచి Text Box, Check Box, Option Button గీసుకుంటూ పోవాలి. చివర Export as PDF కిటికీలో Create PDF form అన్నదానికి టిక్కు ఉండాలి. ఆ టిక్కు లేకపోతే గళ్లన్నీ వట్టి బొమ్మలుగా మిగులుతాయి.

ఏ ప్రోగ్రామ్‌తో చేసినా లోపల తయారయ్యేది ఒక్కటే. పిన్ కోడ్ గడినే చూద్దాం. పేజీలో ఆరు చిన్న చదరాలున్నాయి, ఒక్కోటి 6 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం వెడల్పు 36 మిల్లీమీటర్లు. పీడీఎఫ్ కొలత పాయింట్లలో ఉంటుంది. అంగుళానికి 72 పాయింట్లు, అంటే మిల్లీమీటరుకు సుమారు 2.835. కనుక 36 మిల్లీమీటర్లంటే 102 పాయింట్లు. కొలవడం పేజీ ఎడమ అడుగు మూల నుంచి మొదలవుతుంది. మొదటి చదరం ఎడమ అంచు నుంచి 40, కింది అంచు నుంచి 110 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆ ఫీల్డు లోపల ఇలా ఉంటుంది:

```
/FT /Tx
/T (pin)
/Rect [113.4 311.8 215.4 328.8]
/MaxLen 6
/Ff 16777216
/V (700025)
```

మొదటి వరుస ఇది టైపు చేసే గడి అంటుంది. రెండోది పేరు. మూడోది స్థలం: ఎడమ, కింద, కుడి, పై అంచులు. నాలుగోది ఆరు అక్షరాలకు మించి పట్టదంటుంది. అయిదో వరుసలోని పెద్ద సంఖ్య ఒక స్విచ్. దాన్ని అక్రోబాట్‌లో Comb of characters అంటారు. అది ఉంటే ఫీల్డు వెడల్పును ఆరు సమాన భాగాలు చేసి ఒక్కో భాగం మధ్యలో ఒక్కో అంకె కూర్చుంటుంది. చివరి వరుస మనం నింపిన విలువ, ఇక్కడ భవానీపూర్ పిన్.

సమాన భాగాలన్న మాట ముఖ్యం. పిన్‌కు, పది అంకెల మొబైల్ నంబరుకు, పన్నెండు అంకెల ఆధార్‌కు చదరాలు ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉంటే ఒక్క ఫీల్డు చాలు. పుట్టిన తేదీ దగ్గర మాత్రం రోజు, నెల, సంవత్సరం మధ్య ఖాళీ వదిలి అచ్చు వేస్తే ఒక్క ఫీల్డు పనికిరాదు. మూడో అంకె నుంచి పక్కకు జరుగుతూ పోయి చివరి అంకె గడి గోడ మీద పడుతుంది. అక్కడ 2, 2, 4 అక్షరాల మూడు ఫీల్డులు పెట్టాలి. కొందరు ఒక్కో చదరానికి ఒక్కో ఫీల్డు పెడతారు. అప్పుడు ఆధార్ నంబరు కోసం పన్నెండు గళ్లు దాటాలి, ఒక అంకె తప్పితే సరిచేయడం నరకం. లిబ్రేఆఫీస్ టెక్స్ట్ బాక్సులో చదరాల సదుపాయం లేదు. అక్కడ గరిష్ఠ పొడవు మాత్రం పెట్టి, అంకెలు గీతల మీదుగా పోయినా సర్దుకోవాలి, లేదా ఆ ఒక్క పనికి ఫైలును అక్రోబాట్ ఉన్నచోటికి తీసుకెళ్లాలి.

ఇక పేరు. తెర మీద ఎప్పుడూ కనిపించదు కనుక దీన్ని పట్టించుకోరు. కానీ పీడీఎఫ్‌లో ఒక నియమం ఉంది. ఒకే పేరున్న రెండు ఫీల్డులు రెండు కావు, ఒక్కటే. ఒకదానిలో టైపు చేస్తే రెండోదానిలోనూ అదే పడుతుంది. ఫారం 6 అడుగున రసీదు ముక్క ఉంటుంది. దరఖాస్తుదారు పేరు అక్కడ మళ్లీ రాయాలి. ఆ గడికి కూడా పై గడి పేరే పెడితే అది దానంతటదే నిండుతుంది. ఇదే నియమం తెలియకుండా వాడితే తిరగబడుతుంది. దరఖాస్తుదారు పేరు గడిని కాపీ చేసి కింద బంధువు పేరు దగ్గర అతికించారనుకోండి. పేరు మార్చకపోతే, తండ్రి పేరు టైపు చేయగానే పైన దరఖాస్తుదారు పేరు పోయి తండ్రి పేరు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి అతికించిన వెంటనే పేరు మార్చాలి. లింగం దగ్గర మాత్రం పురుషుడు, స్త్రీ, తృతీయ లింగం మూడు బటన్లకూ ఒకే పేరు, వేర్వేరు విలువలు ఉండాలి. అప్పుడే ఒకటి నొక్కితే మిగతావి తేలిపోతాయి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. ఫారం 6 ముందు పేరు అడిగి, తర్వాత వేరే గడిలో ఇంటిపేరు అడుగుతుంది. మనం ఇంటిపేరు ముందు రాసే అలవాటుతో మొదటి గడిలోనే రెండూ కొట్టేస్తాం. ఫీల్డుకు పేరుతో పాటు ఒక సూచన వాక్యం కూడా పెట్టుకోవచ్చు. మౌస్ దాని మీద ఆగితే అది కనిపిస్తుంది. లిబ్రేఆఫీస్‌లో దాన్ని Help text అంటారు. "ఇంటిపేరు ఇక్కడ వద్దు, పక్క గడిలో" అన్న ఒక్క వాక్యం ఎంతో పని తప్పిస్తుంది. కంటిచూపు లేనివాళ్లకు తెర చదివి వినిపించే ప్రోగ్రాములు పలికేది కూడా ఈ వాక్యాన్నే. అది లేకపోతే వాళ్లకు ఆ గడి ఏమిటో తెలియకపోవచ్చు.

తర్వాతిది టాబ్ క్రమం (టాబ్ మీట నొక్కితే ఒక గడి నుంచి ఏ గడికి వెళ్తామన్న వరుస). కంటికి పైనుంచి కిందికి కనిపించే వరుస పీడీఎఫ్‌కు తెలియదు. ప్రతి పేజీకీ తన ఫీల్డుల జాబితా ఒకటి ఉంటుంది. ఏ ఏర్పాటూ చేయకపోతే చాలా ప్రోగ్రాములు ఆ జాబితా వరుసనే పాటిస్తాయి. అంటే మనం గీసిన క్రమంలో. ముందు చిరునామా గళ్లన్నీ గీసి, తర్వాత మర్చిపోయిన ఈమెయిల్ గడి పైన చేర్చామనుకోండి. టాబ్ నొక్కుతూ పోతే చిట్టచివర, రాష్ట్రం పేరు తర్వాత, ఒక్కసారిగా పైకి ఎగిరి ఈమెయిల్ దగ్గర పడతాం.

దీనికి పేజీ మీద ఒక గుర్తు పెట్టవచ్చు: వరుసలవారీగా, నిలువు గడులవారీగా, లేదా పత్రం నిర్మాణం ప్రకారం. అక్రోబాట్ ఫీల్డుల జాబితాలో వీటిని Order Tabs by Row, Order Tabs by Column, Order Tabs by Structure అంటారు. ఫారం 6 చిరునామా పట్టికలో ఒక్కో వరుసలో రెండేసి గళ్లున్నాయి. ఇంటి నంబరు పక్కన వీధి, దాని కింద ఊరు పక్కన పోస్టాఫీసు. ఇక్కడ వరుసల పద్ధతే సరైనది. నిలువు పద్ధతి పెడితే ఇంటి నంబరు తర్వాత ఊరికి, పిన్‌కు వెళ్లి, ఎప్పటికో వీధికి తిరిగి వస్తుంది. వరుసల పద్ధతికీ ఒక బలహీనత ఉంది. వరుస ఏదో అది గుర్తుపట్టేది గడి ఎత్తును బట్టి. పోస్టాఫీసు గడి ఊరి గడి కంటే రెండు మూడు పాయింట్లు పైకి ఉంటే, ముందు పోస్టాఫీసు, తర్వాత ఊరు రావచ్చు. కంటికి ఆ తేడా కనపడదు. ఒకే వరుసలోని గళ్లన్నిటినీ ఎంచుకుని పై అంచులు కలిపితే ఇది పోతుంది. లిబ్రేఆఫీస్‌లో అయితే Activation Order కిటికీలో గళ్ల పేర్లు జాబితాగా వస్తాయి. వాటిని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అన్నిటికీ Text Box 1, Text Box 2 అన్న పేర్లే వదిలేసినవాళ్లకు ఆ కిటికీ ఏమీ చెప్పదు. పేర్లు శ్రద్ధగా పెట్టిన ఫలితం ఇక్కడ దక్కుతుంది.

పరీక్ష సులువు. మౌస్ పక్కన పెట్టి, మొదటి గడి నుంచి టాబ్ మాత్రమే నొక్కుతూ, ప్రతి గడిలో దాని క్రమసంఖ్య టైపు చేస్తూ పోవాలి. చివర పేజీ చూస్తే 1, 2, 3 వరుసగా కనిపించాలి. ఎక్కడ వరుస తప్పిందో అక్కడే దిద్దాలి. సంతకం, ఫొటో, అధికారి నింపే రసీదు నంబరు గళ్లకు ఫీల్డు పెట్టనే కూడదు. అవి పెన్నుకూ జిగురుకూ చెందినవి.

ఫారం 6లో అసలు కష్టం లిపి. పేరును ఇంగ్లీషు పెద్దక్షరాలతో పాటు రాష్ట్ర అధికార భాషలో కూడా రాయాలి. ఇక్కడ అది బెంగాలీ. ఇంగ్లీషు గడి ఏ ఇబ్బందీ పెట్టదు. బెంగాలీ గడి పెడుతుంది, తెలుగు ఫారం అయినా ఇలాగే పెడుతుంది. కారణం ఫాంటులో ఉంది. ఫీల్డుకు ఒక ఫాంటు కట్టి ఉంటుంది. మామూలుగా అది హెల్వెటికా, అందులో మన లిపులు లేవు. సరే, బెంగాలీ ఫాంటు కట్టామనుకుందాం. మన లిపుల్లో అక్షరాలు టైపు చేసిన వరుసలోనే కనిపించవు. తెలుగులో వత్తు హల్లు కిందికి దిగాలి. బెంగాలీలో హ్రస్వ ఇకారం గుర్తు హల్లు తర్వాత టైపు చేసినా హల్లుకు ఎడమ పక్కకు రావాలి. ఈ సర్దుబాటు చేసే భాగం చాలా పీడీఎఫ్ ప్రోగ్రాముల ఫీల్డుల్లో లేదు, లేదా అరకొరగా ఉంది. అప్పుడు "ప్రసాద్" అన్న పేరు "ప్‌రసాద్" అయిపోతుంది, ఇంకా అధ్వానమైతే ఖాళీ డబ్బాలు వస్తాయి. మోసం చేసే సందర్భం మరొకటుంది. బ్రౌజర్‌లో టైపు చేస్తున్నంతసేపూ అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ కాసేపు వాటిని గీసేది బ్రౌజర్. దాచి వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే చెదిరిపోతాయి. నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను: బెంగాలీ గడికి ఫీల్డు వద్దు. దాన్ని ఖాళీగా అచ్చు తీసి, బెంగాలీ తెలిసిన పొరుగువారి చేత పెన్నుతో రాయించండి.

చెదిరిన అక్షరాల వెనకున్న కారణమే దాచుకున్న వివరాల గురించి కూడా చెబుతుంది. ప్రతి ఫీల్డులో ఒకే సమాచారం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విలువ, పై ఉదాహరణలో 700025. రెండోది రూపం (ఆ విలువ పేజీ మీద ఎలా కనిపించాలో ముందే గీసి పెట్టుకున్న చిన్న బొమ్మ). ఫీల్డు మీద మౌస్ నొక్కితే ప్రోగ్రామ్ విలువను చూపిస్తుంది. నొక్కకుండా చూసినా, అచ్చు తీసినా, వాడేది రూపాన్ని. నింపిన ప్రోగ్రామ్ విలువను రాసి రూపాన్ని గీయకపోతే వింత జరుగుతుంది. ఇంట్లో నిండుగా కనిపించిన ఫారం జిరాక్సు షాపులో ఖాళీగా అచ్చవుతుంది, గడి మీద నొక్కితే మాత్రం అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. వివరాలు పోలేదు, బొమ్మ లేదంతే. ఉచితంగా దొరికే pdftk అన్న చిన్న ప్రోగ్రామ్‌తో విలువలు ఉన్నాయో లేదో చూడవచ్చు:

```
pdftk form6.pdf dump_data_fields
```

ప్రతి ఫీల్డుకూ FieldName, FieldValue, FieldMaxLength వంటి వరుసలు వస్తాయి. పొడవు పెట్టామా లేదా అన్నదీ ఇక్కడే తేలుతుంది. అచ్చుకు పంపేముందు, రూపం ఉందని చూసుకుని, దాన్ని పేజీలో కలిపేయాలి:

```
pdftk filled.pdf output final.pdf flatten
```

దీని తర్వాత ఫీల్డులుండవు, అక్షరాలు కింది పొరలో భాగమవుతాయి. ఏ యంత్రం మీదైనా ఒకేలా అచ్చవుతుంది, తేలిగ్గా ఎవరూ మార్చలేరు. మార్చవలసి వస్తే filled.pdf మన దగ్గర ఉంటుంది. రెండోసారి అదే చిరునామాతో ఇంట్లో ఇంకొకరి ఫారం నింపడానికీ అదే పనికొస్తుంది.

నింపిన ఫారాన్ని దాచుకోవడం ఒకప్పుడు ఇంత తేలిక కాదు. 2012లో రీడర్ 11 వచ్చేదాకా, ఫారం తయారుచేసినవాళ్లు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఉచిత అడోబీ రీడర్ నింపిన వివరాలను దాచేది కాదు. అచ్చు తీసుకోవడమొక్కటే దారి. ఇప్పుడు దాదాపు అన్ని ప్రోగ్రాములూ దాస్తాయి. ఎలా దాస్తాయన్నది తెలుసుకోవాలి. Save నొక్కినప్పుడు చాలా ప్రోగ్రాములు ఫైలును కొత్తగా రాయవు. పాత ఫైలును అలాగే ఉంచి, మారిన ఫీల్డులను చివర అతికిస్తాయి. చదివేటప్పుడు చివరిదే లెక్కలోకి వస్తుంది. కానీ పాతది లోపల అలాగే ఉంటుంది.

ఫారం 6లో ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, మొబైల్ ఉంటాయి. తండ్రి వివరాలు నింపి దాచిన ఫైలు తెరిచి, అన్నీ చెరిపి, Save నొక్కి, "ఖాళీ ఫారం ఇదిగో" అని పక్క ఫ్లాటు వాళ్లకు వాట్సాప్‌లో పంపితే, తెర మీద ఖాళీగానే కనిపిస్తుంది. ఫైలు లోపల చూడగలిగినవాళ్లకు ఆధార్ నంబరు ఇంకా దొరకవచ్చు. అందుకే ఏ వివరమూ పడని మూల ఫైలును వేరే పేరుతో విడిగా దాచి, పంచడానికి దాన్నే వాడాలి. ప్రతి మనిషికీ దాని నుంచే కొత్త కాపీ తీయాలి. షాపులో నింపితే ఇంకొకటి చూడాలి. రీడర్ ప్రాధాన్యాలలో Forms కింద Auto-Complete అన్న సదుపాయం ఉంది. అది పాత జవాబులను గుర్తుపెట్టుకుని తర్వాత కూర్చున్నవాళ్లకు అందిస్తుంది. దాన్ని Off చేసి, అప్పటికే చేరిన జాబితాను Edit Entry List లో చెరిపి, filled.pdf పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, షాపు కంప్యూటర్లోని కాపీని చెరిపి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసి లేవాలి.